ఎర్రచెల్క పోస్టర్: పేర్లు ఎక్కడ పెట్టాలి, గెట్టు ఎక్కడ వదలాలి

మొదటి రోజు

క్లాక్ టవర్ దగ్గర మా షాపులో ఏడాది పొడవునా చేసేది పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, బోనాలకీ ఎలక్షన్లకీ వచ్చే ఫొటోల గుంపులు. అందుకే మా దోస్తు సినిమా తీసి, దానికి పోస్టర్ చేయమని పెన్‌డ్రైవ్ తెచ్చిస్తే సంబరంగానూ ఉంది, కొంచెం టెన్షన్‌గానూ ఉంది. సినిమా పేరు ఎర్రచెల్క. దేవరకొండ దిక్కు తీశారు. ముగ్గురు అన్నదమ్ములు, మధ్యలో ఒక గెట్టు, ఆ గెట్టు ఎవరు జరిపారన్న పంచాయతీ, కథంతా అదే.

పోస్టర్‌కి అతను ఇచ్చిన ఫొటో నిజంగా బాగుంది. పైన సగానికి పైగా ఆకాశం, మబ్బు తునక కూడా లేదు. కింద సాయంత్రపు ఎండలో ఎర్రమట్టి. ఆ మట్టిని చీలుస్తూ ఒక గెట్టు, ఫొటో కింది అంచులో కుడివైపు మొదలై దాదాపు నిట్టనిలువుగా పైకి పోతుంది. చివర, ఆకాశం కలిసేచోట, చిన్నగా ఒక మనిషి వీపు. అంతే. మొహం లేదు.

సైజు 20 బై 30 అంగుళాలు. గోడలకి అంటించేది, షో వేసే చోట్ల పెట్టేది ఇదే. ఫోన్‌లో తిరిగేది వేరే చేద్దాం అనుకున్నాం.

మొదటి డ్రాఫ్ట్ రెండు గంటల్లో అయిపోయింది, ఎందుకంటే చెయ్యి అలవాటైన దారిలోనే పోయింది. కింద నల్లటి గ్రేడియంట్ పోశాను, దాని మీద తెల్లటి టైటిల్, టైటిల్ కింద క్యాప్షన్, క్యాప్షన్ కింద టెక్నీషియన్ల పేర్లు నాలుగు లైన్లు. క్యాప్షన్ దర్శకుడే రాసిచ్చాడు: "మూడేండ్ల కరువులో ముగ్గురన్నదమ్ముల మధ్య మొలిచిన ఒక గెట్టు కథ". చూడటానికి సినిమా పోస్టర్ లాగానే ఉంది. అదే నాకు నచ్చలేదు. ఏ సినిమాదైనా కావచ్చు అన్నట్టుంది.

ఏం తప్పో తెలియక కంప్యూటర్ మూసి ఇంటికి పోయాను.

రెండో రోజు

పొద్దున చేసిన మొదటి పని, పోస్టర్‌ని 1000 పిక్సెల్స్ వెడల్పుకి తగ్గించి గాసియన్ బ్లర్ 15 పెట్టి చూడటం. అక్షరాలు చదవరాని స్థితిలో కంటికి ఏం మిగులుతుందో అదే పోస్టర్‌లో అసలు వరుస. కళ్లు చికిలించి చూసినా ఇదే తెలుస్తుంది గానీ, మనం చేసిన దాన్ని మనం చికిలించి చూస్తే మనకు కావలసిందే కనబడుతుంది. బ్లర్‌కి మొహమాటం లేదు.

మిగిలింది రెండే ముద్దలు. ఒకటి టైటిల్, దాని కింద దాదాపు అంతే బరువుతో బూడిదరంగు పట్టీ. ఆ పట్టీ పేర్లు. మనిషి పోయాడు, గెట్టు పోయింది, ఎర్ర రంగు సగం పోయింది. అంటే నా పోస్టర్ చెబుతున్నది ఇది: ఏదో ఒక సినిమా ఉంది, దానికి చాలామంది పనిచేశారు.

గ్రేడియంట్ సంగతి ఇక్కడే అర్థమైంది. అక్షరాలు బొమ్మని తొక్కకూడదని అందరం అంటాం, కానీ అక్షరాలు కనబడాలని వాటి వెనక పోసే నలుపు అక్షరాలకంటే ఎక్కువ జాగా తింటుంది. నా డ్రాఫ్ట్‌లో పేర్ల ఎత్తు రెండు అంగుళాలుంటే, గ్రేడియంట్ ఏడు అంగుళాలు. సినిమా పేరే ఎర్రచెల్క, నేనేమో చెల్కనంతా నల్లరేగడి చేసి కూర్చున్నాను.

మధ్యాహ్నం దర్శకుడు, వాళ్ల చిన్నాయన వచ్చారు. డబ్బులు పెట్టింది చిన్నాయనే. ఆయనకి పోస్టర్ నచ్చింది గానీ పేర్లు నచ్చలేదు.

"గింత చిన్నగనా తమ్మీ? పైన గంత జాగ ఖాళీగ ఉంది గదా. ముగ్గురి మొఖాలు పెట్టు పైన. కింద పేర్లు జర పెద్దగ చెయ్."

"చిన్నాయనా, అది ఖాళీ జాగ కాదే, ఆకాశం" అన్నాడు దర్శకుడు.

"ఆకాశమే, ఖాళీగుంది గదా!"

నేను నవ్వాపుకున్నాను కానీ, ఆయన మాటలో తప్పేం లేదు. వానలేని ఆకాశం ఖాళీగానే ఉంటుంది, ఆ ఖాళీయే ఈ ఫొటో. అది ఆయనకి ఖాళీగా తోచిందంటే ఫొటో పని చేస్తున్నట్టే. ఈ మాట ఆయనతో అనలేదు.

ఆయన వెంట వచ్చిన కుర్రాడు ఫోన్ చూసి, హాలీవుడ్‌లో పేర్లు టైటిల్‌లో 15 శాతం ఉండాలట కదా అన్నాడు. ఆ మాట పూర్తిగా కాకపోయినా కొంత నిజమే. అక్కడ కాంట్రాక్టుల్లో ఫలానావారి పేరు టైటిల్ సైజులో ఇంత శాతానికి తగ్గకూడదని రాసుకుంటారు. ఆ శాతం మనిషిని బట్టి మారుతుంది. కొలిచేది ఎత్తు కాబట్టి వాళ్లు ఎత్తుని కాపాడి వెడల్పు తగ్గించారు. ఆ పోస్టర్ల కింద అక్షరాలు సేమ్యాల్లా సన్నగా, పొడుగ్గా ఉండేది అందుకే. ఇంకో కిటుకు కూడా ఉంది. పేర్ల గుంపు మధ్యలో సినిమా పేరు మళ్లీ చిన్నగా కనబడుతుంది, చాలాసార్లు శాతం లెక్క దాన్నిబట్టే కడతారు. అలాంటప్పుడు పైన బొమ్మలో కలిసిపోయిన పెద్ద టైటిల్‌ని లెక్కలోకి తీసుకోరు. ఆ లెక్కలో టైటిల్ ఎంత పెద్దదైనా పేర్లు దానితో పాటు పెరగవు.

కుర్రాడిని కూర్చోబెట్టి లెక్క వేసి చూపించాను. నా డ్రాఫ్ట్‌లో టైటిల్ అక్షరం ఎత్తు, ఒత్తులు వదిలేసి, 3 అంగుళాలు, అంటే 76 మి.మీ. అందులో 15 శాతం అంటే 11 మి.మీ. పైచిలుకు. తెలుగులో అంత అక్షరానికి లైను నుంచి లైనుకి 33 మి.మీ. దాకా కావాలి, పై లైను ఒత్తులు, కింది లైను గుడులు, ఏత్వాలు తగులుకోకుండా ఉండాలంటే. మనకున్న పదకొండు పేర్లు, వాళ్ల పనులు అన్నీ అదే సైజులో పెడితే ఆరు లైన్లు. 200 మి.మీ. పోస్టర్ మొత్తం ఎత్తు 762. పావు కంటే ఎక్కువ పేర్లకే పోతుంది.

"పావు ఎక్కువనా?" అన్నాడు చిన్నాయన. నాకు జవాబు తోచలేదు, చాయ్ తెప్పించాను.

మూడో రోజు, పేర్లతో కుస్తీ

మన దగ్గర చాలా పోస్టర్లలో టైటిల్ తెలుగులో ఉన్నా కింద పేర్లు ఇంగ్లీషులోనే ఉంటాయి. ఎందుకో ఈ రోజు చేతులతో తెలుసుకున్నాను. ఇంగ్లీషుకి సన్నటి పొడుగు ఫాంట్లు బోలెడు. దర్శకుడికేమో పేర్లు తెలుగులోనే కావాలి, వాళ్ల నాయన చదవాలట. న్యాయమే.

మొదట అందరూ చేసే తప్పే నేనూ చేశాను. మామూలు తెలుగు ఫాంట్ తీసుకుని అడ్డంగా 60 శాతానికి నొక్కాను. అలా నొక్కితే నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డం గీతలు అలాగే ఉంటాయి. గుండ్రటి తెలుగు అక్షరం పక్కలు పల్చబడి, పైనా కిందా మందంగా మిగిలిపోతుంది. నాసిరకం ఫ్లెక్సీలో కనబడే తెలుగు అదే. దీన్ని పట్టుకోవాలంటే మ, య చూడండి. చివర కొమ్ము దగ్గర ఉండే ఖాళీ మూసుకుపోయి అక్షరం చుక్కలా కనబడితే, ఎవరో నొక్కారన్నమాట.

నొక్కడం వేరు, సన్నగా గీయడం వేరు. నోటో సాన్స్ తెలుగులో కండెన్స్‌డ్ రకాలున్నాయి, వాటిలో గీత మందం సరిగా ఉండేలా అక్షరాన్నే ఇరుకుగా గీశారు. దానితో మళ్లీ కూర్చాను. ఇంగ్లీషు అంత సన్నం కాదు, కాబోదు కూడా, కానీ చదవడానికి బాగుంది.

తర్వాత పనుల పేర్లు. సంగీతం, ఎడిటింగ్, కళ, ఛాయాగ్రహణం. ఇంగ్లీషు పోస్టర్లలో ఈ మాటల్ని సగం సైజులో, రెండు చిట్టి లైన్లుగా పేరు పక్కన నిలబెడతారు. తెలుగులో అది కుదరలేదు. "స్క్రీన్‌ప్లే" మీద "దర్శకత్వం" పెడితే పై మాట ఒత్తులు కింది మాట తలకట్లలో ఇరుక్కున్నాయి. అందుకని పని పేరు ఒకే లైనులో సగం సైజు, మనిషి పేరు పూర్తి సైజు, రెండూ ఒకే గీత మీద. కథ, మాటలు, దర్శకత్వం ఒక్కడే కాబట్టి మూడు మాటలకి ఒకే పేరు. అక్షరం ఎత్తు 4 మి.మీ., లైనుకీ లైనుకీ 12.

4 మి.మీ. చాలా అని అడుగుతారు. బోర్డులు రాసేవాళ్ల మోటు లెక్క ఒకటుంది, అంగుళం అక్షరం పది అడుగుల నుంచి హాయిగా చదవొచ్చని. ఆ లెక్కన 4 మి.మీ. అక్షరానికి అడుగున్నర దూరంలో నిలబడాలి. నా తీర్పు ఏమిటంటే, పేర్లు దూరం నుంచి పిలవక్కర్లేదు. సినిమా మీద ఆసక్తి కలిగి దగ్గరికి వచ్చినవాడికి అవి దొరకాలి, తప్పు లేకుండా దొరకాలి. అంతే వాటి పని. దూరం నుంచి పిలిచే పని టైటిల్‌ది.

తప్పు లేకుండా అన్నాను కదా, సాయంత్రం అక్కడే దెబ్బ తగిలింది. మల్టీకలర్ ప్రెస్‌లో శాంపిల్ కొట్టించాం. మట్టి రంగులో మూడు ఇంకులు కలుస్తాయి, అందులోంచి తెల్ల అక్షరాల్ని ఖాళీగా వదిలాను. ప్లేట్ ఒక్క వెంట్రుకవాసి జరిగినట్టుంది, టైటిల్‌కి ఏమీ కాలేదు కానీ పేర్లలో సన్నటి ఖాళీలన్నీ ఇంకుతో నిండాయి. మా ఎడిటర్ పేరు ధతో మొదలవుతుంది. ద, ధ మధ్య తేడా కింద ఉండే చిన్న గీతే. అది పోయింది. కెమెరా అతని పేరులో భ ఉంది, అది బ అయింది. మనిషి పేరు అచ్చు వేసి మరీ తప్పు పెట్టడం అన్నమాట. తెలుగు పేర్లని చిన్న సైజులో చూసేటప్పుడు నేను ఇప్పుడు మొత్తం చదవను, ధ భ ఫ ఛ ఎక్కడున్నాయో వెతికి వాటినే చూస్తాను. అవి బతికితే మిగతావన్నీ బతికినట్టే.

సైజు పెంచడం సులువు, కానీ నాలుగున్నర మి.మీ. చేస్తే లైను పెరుగుతోంది. వేరే దారి పట్టాను. తెలుపు మానేసి, ఒక్క నల్ల ఇంకుతో మట్టి మీదే అచ్చు వేయడం, అదే ఓవర్‌ప్రింట్. మట్టి రంగు కింద అలాగే ఉంటుంది, దాని మీద నలుపు పడుతుంది. ప్లేట్ జరిగినా అక్షరం మూసుకుపోదు, ఎందుకంటే అక్షరం గీత ఒక్క ఇంకుదే. ఎండలో తీసిన మట్టి కాబట్టి నలుపు దాని మీద బాగానే ఆనింది. గ్రేడియంట్ అవసరమే లేకుండా పోయింది! రెండు రోజులుగా దాన్ని ఎలా తగ్గించాలా అని చూస్తున్నాను, తెల్ల అక్షరాలు మానేస్తే చాలని తట్టలేదు.

మీ ఫొటో కింది భాగం నిజంగానే చీకటిదైతే ఈ కిటుకు పనిచేయదు. అప్పుడు తెలుపే గతి, అక్షరం ఒక మెట్టు లావు చేసుకోవాలి.

అయిదో రోజు, టైటిల్

నాలుగో రోజు పెళ్లి పత్రికల గోల, దీని మొహం చూడలేదు. ఒక రకంగా మంచిదైంది, కళ్లు కొత్తపడ్డాయి.

ఎర్రచెల్క అన్న మాటని బొమ్మగా చూస్తే నాలుగు ముద్దలు. ఎ, ర్ర, చె, ల్క. రెండింటికి ఒత్తులు, రావత్తు ఒకటి, కావత్తు ఒకటి. పైభాగం దాదాపు చదునుగా ఉంటుంది, కింద మాత్రం రెండుచోట్ల కాళ్లు వేలాడతాయి. మొదటి డ్రాఫ్ట్‌లో క్యాప్షన్‌ని ఎందుకో ఇరుకుగా ఉందనుకున్నాను. ఇప్పుడు స్కేలు పెట్టి చూస్తే, నేను దూరం కొలిచింది అక్షరాల అడుగు నుంచి. ఒత్తులు అంగుళం పైన కిందికి దిగుతున్నాయి, కావత్తు తోక క్యాప్షన్‌లో "మొలిచిన" మీద కూర్చుంది. తెలుగు టైటిల్ కింద ఏమైనా పెట్టాలంటే దూరం ఒత్తు చివర నుంచి కొలవాలి. అలా కొలిస్తే టైటిల్, క్యాప్షన్ మధ్య బొత్తిగా సంబంధం లేనంత ఖాళీ వస్తుంది, ఎ కింద, చె కింద. అటూ ఇటూ కుదరని జాగా అది.

ఒక గంటసేపు తెలివి చూపించాను. రావత్తు తోకని ఎడమవైపు సాగదీసి దాన్నే గెట్టులా చేశాను, చివర చిన్న రాళ్లు కూడా పెట్టాను. మా చెల్లె చూసి "మంచిగుందన్నా, కానీ గెట్టు రెండుసార్లెందుకు?" అంది. నిజమే. ఫొటోలో గెట్టు ఉండగా టైటిల్‌లో మళ్లీ గెట్టు గీస్తే రెండిట్లో ఒకటి దండగ. తీసేశాను. టైటిల్‌కి ఆకారం చాలు, అలంకారం అక్కర్లేదు. మందపాటి అక్షరం, అంచులు కొంచెం మట్టిపెళ్లల్లా విరిగినట్టు, అంతకంటే ఏమీ లేదు.

అసలు నిర్ణయం సైజు దగ్గర. 3 అంగుళాల అక్షరంతో టైటిల్ వెడల్పు 15 అంగుళాలు వస్తోంది, కుడివైపు గెట్టుని దాటి పోతోంది. గెట్టు మీద ల్క కూర్చుంటే గెట్టు తెగిపోతుంది, కథలో పంచాయతీయే ఆ గెట్టు గురించి! అందుకని టైటిల్ తగ్గించాను. 2.4 అంగుళాలు. వెడల్పు 12, ఎడమ అంచు నుంచి మొదలై గెట్టుకి ముందే ఆగిపోతుంది.

టైటిల్ తగ్గించడం అంటే మా లైనులో మహాపాపం. కానీ పక్కపక్కన రెండు ప్రింట్లు గోడకి పెట్టి చూస్తే తగ్గినదే పెద్దగా అనిపించింది. కింద గ్రేడియంట్ లేదు, ఒత్తుల మధ్య దూరిన క్యాప్షన్ లేదు, పేర్లు నల్లగా అణిగి ఉన్నాయి. చుట్టూ పోటీ లేనప్పుడు అక్షరానికి అంత ఎత్తు అక్కర్లేదు. పాత లెక్క ప్రకారం 2.4 అంగుళాలు 24 అడుగుల నుంచి హాయిగా కనబడాలి. మా షాపు ఎదురుగా రోడ్డు దాటి నిలబడ్డాను, చదవగలిగాను. హైవే పక్క గోడకి మాత్రం ఇది చాలదు. అక్కడికి పెద్ద ఫ్లెక్సీ కొట్టించుకోవాలి, ఈ పోస్టర్‌కి ఆ పని పెట్టకూడదు.

పేర్లనీ అదే గెట్టుకి కట్టేశాను. మధ్యకి సర్దడం మానేసి, టైటిల్ ఎక్కడ మొదలైందో అక్కడే మొదలుపెట్టి గెట్టుకి ఇవతలే ఆపాను. 290 మి.మీ. వెడల్పులో మూడు లైన్లు. కుడివైపు గెట్టు కింది అంచు దాకా ఏ అక్షరం తగలకుండా దిగిపోతుంది. సెన్సార్ అయ్యాక యూఏ పక్కన 7+, 13+, 16+ లలో ఏదొస్తే అది పెట్టడానికి మూలన చిన్న గడి కూడా ఉంచాను, గెట్టుకి అవతల.

ఏడో రోజు, క్యాప్షన్

క్యాప్షన్ ఎక్కడా ఇమడలేదు. టైటిల్ కింద ఒత్తులు, టైటిల్ మీద మనిషి పాదాలు. రెండు రోజులు అటూ ఇటూ జరిపి, తప్పు జాగాది కాదు, మాటదేనని ఒప్పుకున్నాను. ఎనిమిది మాటలు, అందులో కథంతా చెప్పేశాడు. కరువు ఫొటోలో ఉంది, గెట్టు ఫొటోలో ఉంది. చూస్తున్నదాన్నే మళ్లీ చదివించడం ఎందుకు?

దర్శకుడికి ఫోన్ చేశాను. అలిగాడు. రాత్రి పదకొండింటికి మెసేజ్ వచ్చింది: "వాన రాలేదు. గెట్టు జరిగింది."

నాలుగే మాటలు. చదవగానే దాని జాగా ఎక్కడో తెలిసిపోయింది. వాన రావలసిన చోటే పెట్టాలి. ఆకాశంలో, బాగా పైన, ఎడమవైపు, ఒకే లైను. 9 మి.మీ. అక్షరం, ముదురు బూడిదరంగు. చుట్టూ ఏమీ లేదు.

ఇక్కడ కొంచెం భయమేసింది. ఇంతసేపూ కాపాడుకొచ్చిన ఆకాశంలో నేనే అక్షరాలు వేస్తున్నాను. బ్లర్ పెట్టి చూశాను. మనిషి, గెట్టు ఒక ముద్ద, టైటిల్ ఒక ముద్ద, పేర్లు మట్టిలో ముదురు మరక. క్యాప్షన్ దాదాపు మాయమైంది. మొదటి డ్రాఫ్ట్‌లో 15 మి.మీ. ఉన్న క్యాప్షన్ కూడా బ్లర్‌లో మాయమైంది గానీ అది పేర్లలో కలిసిపోయి మాయమైంది, ఇది ఖాళీలో కరిగిపోయింది. తేడా ఉంది, కానీ ఆ తేడా బ్లర్ చెప్పదు. మనుషుల్ని అడగాలి.

పూర్తి సైజు ప్రింట్ తీసి షాపు బయట గోడకి అంటించాను. చాయ్ హోటల్ అన్న, ఇద్దరు ఆటోవాళ్లు, పత్రికల కోసం వచ్చిన ఒక పెద్దమనిషి, పక్క మొబైల్ షాపు పిల్లలు ఇద్దరు. ఒక్కొక్కరికి అయిదు సెకన్లు చూపించి, వెనక్కి తిరగమని, ఏం చూశావో వరసగా చెప్పమన్నాను. బాగుందా అని అడగలేదు, అడిగితే అందరూ బాగుందనే అంటారు. ఆరుగురిలో అయిదుగురు టైటిల్ చెప్పారు. నలుగురు మనిషి ఒంటరిగా పోతున్నాడన్నారు. టైటిల్ చెప్పినవాళ్లలో క్యాప్షన్ ముగ్గురు చెప్పారు, అదీ టైటిల్ తర్వాతే. పేర్లు ఒక్కరూ చెప్పలేదు, కానీ "కింద ఏమన్నా ఉందా?" అంటే అందరూ ఉందన్నారు. నాకు కావలసిన వరుస ఇదే.

ఆరో మనిషి, ఆటో అన్న, క్యాప్షన్ ఒక్కటే చదివాడు. "వాన రాలేదు, గెట్టు జరిగింది. మా ఊర్ల గిదే లొల్లి" అని, సినిమా పేరేంటని నన్నే అడిగాడు. ఇది మెచ్చుకోలే గానీ ప్రమాదం కూడా. ఒంటరి మాట పెద్ద మాటని మింగుతుంది. క్యాప్షన్‌ని 8 మి.మీ.కి తగ్గించి, రంగు ఇంకాస్త ఆకాశంలోకి కలిపాను. పైఅంచు నుంచి రెండు అంగుళాలు కిందికి దింపాను కూడా. దానికి కారణం వేరే, గోడ మీద అంటించేవాళ్లు పక్కపక్కన వేసేటప్పుడు ఒకదాని అంచు మీద ఇంకోటి కప్పుతారు. అంచుకి అంగుళం లోపల ఏం పెట్టినా దాని మీద ఆశ వదులుకోవాల్సిందే. కింది అంచు సంగతి చెప్పనే అక్కర్లేదు, మైదా జిగురు కోసం మేకలు అక్కడి నుంచే మొదలుపెడతాయి.

తొమ్మిదో రోజు

చిన్నాయన వచ్చాడు. గోడ మీది ప్రింట్ చూసి చాలాసేపు ఏం మాట్లాడలేదు. దగ్గరికి పోయి తన పేరు వెతికాడు. వరసలో మొదటిదే, సమర్పణ అని. కళ్లజోడు పైకి నెట్టి చదివి, "అందరివి గిదే సైజా?" అన్నాడు.

"అందరివి గిదే సైజు చిన్నాయనా. మీది మొదలుంది."

"దర్శకునిది గూడ?"

"ఆనిది గూడ."

అక్కడితో ఆగాడు. ఒక్కరి పేరు పెంచితే పక్కవాళ్లది తగ్గినట్టే కనబడుతుంది, అప్పుడు ఆ మూడు లైన్లు ఒక ముద్దగా ఉండవు, ఎగుడుదిగుడుగా అయ్యి కన్ను అక్కడ తట్టుకుంటుంది. ఇదంతా చెబుదామని సిద్ధంగా ఉన్నాను, అవసరం పడలేదు. ముగ్గురి మొహాల ఊసు మళ్లీ ఎత్తలేదు గానీ, ఫోన్‌లో పంపేదాంట్లో పెడదాం అన్నాడు. దాంట్లో ఎలాగూ పేర్లు తీసేస్తున్నాను, వాట్సాప్‌లో నలిగాక 4 మి.మీ. అక్షరాలు ఇసక రేణువుల్లా కనబడతాయి. మొహాల సంగతి తర్వాత చూద్దాం అన్నాను.

ఫైల్ ప్రెస్‌కి పంపేముందు ఆఖరి చూపు. పేర్లలో ధ ఉంది, భ ఉంది. నలుపు ఓవర్‌ప్రింట్ పెట్టానా లేదా రెండుసార్లు చూశాను, అది మరిచిపోతే, ప్లేట్ కాస్త జరిగినా నలుపు అక్షరం చుట్టూ తెల్లటి వెంట్రుక గీత వస్తుంది.

పంపుదామని చెయ్యి పెట్టేసరికి దర్శకుడి ఫోన్.

"అన్నా, డ్రోన్ తమ్ముని పేరు మర్చిపోయినం. ఆడు పైసలు గూడ తీసుకోలే."

మూడో లైను చివర, గెట్టుకి ముందు, పదకొండు అక్షరాల జాగా మిగిలి ఉంది. డ్రోన్ అన్నది సగం సైజులో, పేరు అయిదు అక్షరాలు, మధ్యలో ఖాళీలు. పెట్టి చూశాను. పట్టింది, గెట్టు కదలలేదు. పంపేశాను.